ఆవలి గట్టు

శనివారం ఆఖరి పీరియడంటే ఏ స్కూల్లోనైనా పీరియడ్ కిందికి రాదు. పిల్లలు గంటకోసం చెవులు రిక్కిస్తారు, పంతుళ్ళు గడియారంకేసి చూస్తారు. బెజవాడ వన్‌టౌన్‌లోని ఆ ఆడపిల్లల హైస్కూల్లో మాత్రం తొమ్మిదో తరగతి ‘బి’ సెక్షన్‌లో శనివారం ఆఖరి గంట కొట్టాక కూడా ఎవరూ లేచేవాళ్ళు కారు. అది సయీదా టీచరు ఫొటో పీరియడు.

సయీదా సోషలు చెబుతుంది. పాత క్యాలెండర్లు, చిత్తుకాగితాల కొట్లో తూకానికి దొరికే వారపత్రికలు తెచ్చి, బొమ్మల కింది పేర్లు కత్తిరించి పారేసి, బొమ్మని అట్టకి అంటించి బోర్డుకి తగిలిస్తుంది. ఇది ఎక్కడ తీశారో చెప్పండి, అంతే. పుస్తకంలో చదివింది చెప్పకూడదు. మావయ్య చెప్పింది అసలే చెప్పకూడదు. కంటికి కనిపించింది చెప్పాలి.

“తెలిసింది నాకొద్దు, కనిపించింది చెప్పండి” అనేది. ఆ మాట అనీ అనీ ఆవిడకి ‘కనిపించింది టీచర్’ అని పేరు పడిపోయింది. ఆ సంగతి ఆవిడకీ తెలుసు.

ఇంకో రూలుంది. ఫొటోలో మనుషులుంటే వాళ్ళని కాగితంతో కప్పేసేది. “మనిషి కనపడితే మీ కళ్ళు ఇంక అక్కడే అతుక్కుపోతాయి. చీరెంత, గొలుసెంత, నవ్వాడా లేదా... మనిషి ఏ ఊరెళ్ళైనా నిలబడతాడు. వెనకాల ఉన్న గోడ ఎక్కడికీ వెళ్ళదు. గోడనడగండి.”

డెబ్భై ఆరు జనవరిలో ఆ శనివారం ఫొటో తెచ్చింది మాత్రం టీచరు కాదు. హాస్టల్లో ఉండి చదువుకుంటున్న మార్త, న్యూస్‌పేపర్లో చుట్టిన చిన్న పటం తెచ్చి టేబుల్ మీద పెట్టింది.

“దీన్ని పెట్టండి టీచర్ ఇవాళ.”

“ఎవరిదే ఇది?”

“చెబితే ఆట ఎట్టా అవుద్ది టీచర్?”

నిజమే. ఫొటో తెచ్చినవాళ్ళు నోరు విప్పకూడదనేది కూడా టీచరు పెట్టిన రూలే. సయీదా నవ్వుకుని పటంలోంచి ఫొటో ఊడదీసింది. అరచెయ్యంత ఫొటో. ఒక తాటాకు పాక ముందు ఇద్దరు మనుషులు. ఆవిడ వాళ్ళ మొహాలైనా సరిగ్గా చూడకుండా, అలవాటు కొద్దీ నడుమ కాగితం ముక్క పెట్టి గుండుసూదులు గుచ్చేసింది. తల దగ్గర్నుంచి కాళ్ళకింద నేల దాకా అంతా మూతపడింది. వెనక్కి తిప్పి చూస్తే ఉయ్యూరు స్టూడియో ముద్ర, తేదీ ఉన్నాయి. ముద్ర ఎవరికీ చూపించకుండా తేదీ మాత్రం బోర్డు మీద రాసింది: 12-1-65.

భూతద్దం సైన్సు గదిలోది. చేతులు మారుతూ వెళ్ళింది.

క్లాసు లీడరు సంపూర్ణ ముందు లేచింది. “కుడిపక్క కాలవుంది టీచర్. నిండుగా నీళ్ళున్నాయి. దాని మీద లాకు. లాకు మీద నడిచే వంతెన, స్తంభాలు.”

“లాకుంటే ఏమిటి?”

“పడవలు తిరిగే కాలవ. పంటబోదె కాదు.”

“ఊఁ. ఇంకా?”

“దూరంగా చిమ్నీ టీచర్. పొగొస్తోంది” అంది ఇంకో పిల్ల. “ఎత్తు చూస్తే రైసుమిల్లుది కాదు. చెరుకు ఫ్యాక్టరీది. పొగొస్తోందంటే గానుగ ఆడుతోంది. తేదీకి సరిపోయింది.”

సయీదా బోర్డు మీద ఒక్కొక్కటీ రాసింది. పక్కనే, దానివల్ల ఏ ఏ చోట్లు కొట్టేయొచ్చో రాసింది. మెట్టప్రాంతం పోయింది. సముద్రపొడ్డు పోయింది. గోడకి తగిలించిన తాలూకా మ్యాపులో కాలవలు నీలంగీతలు, లాకులు అడ్డగీతలు. చెరుకు ఫ్యాక్టరీ కనిపించేంత దూరంలో ఉన్న లాకులు మూడే.

“ఇప్పుడు చెప్పండి, కెమెరా లాకుకి ఎగువనుందా, దిగువనుందా?”

భూతద్దం నాలుగు చేతులు మారింది. మెహబూబ్ బీ దగ్గర ఆగింది. ఆ పిల్ల తండ్రి ఇస్లాంపేటలో టైలరు. బడి అయ్యాక కొట్లో కూర్చుని కాజాలు కుడుతుంది, చూపు సూదిమొన.

“లాకు తలుపుల సందులోంచి నీళ్ళు చిమ్ముతున్నాయి టీచర్. మనవైపుకే చిమ్ముతున్నాయి. అంటే బరువు అటుపక్కుంది. ఎగువ అటుంది, మనం దిగువనున్నాం.”

“శభాష్!” సయీదా చేతిలో సుద్దముక్క విరిగింది. “కాలవలన్నీ బెజవాడలో పుట్టి తూర్పుకి పోయేవే. మనం దిగువనుండి ఎగువకి చూస్తున్నాం. అంటే ఎటు?”

“పడమటికి!” అంది క్లాసంతా.

“ఫ్యాక్టరీకి తూర్పున ఉన్న లాకు ఏది?”

“గండ్రపాలెం లాకు!” సంపూర్ణ మ్యాపు మీద వేలు పెట్టేసింది. “పడమటికి చూస్తుంటే కాలవ కుడిచేతి వైపుంది. కుడంటే ఉత్తరం. కాబట్టి పాక కాలవకి దక్షిణపు గట్టు మీదుంది. ఊరు ఉత్తరాన ఉంది, అంటే ఇది ఆవలి గట్టు టీచర్!”

చప్పట్లు మోగాయి. సయీదా పొంగిపోయింది. పదమూడేళ్ళ పిల్లలు, పాతిక నిమిషాలు, ఊరు కాదు, ఏకంగా గట్టు చెప్పేశారు. తీసుకొచ్చిన పిల్లకేసి తిరిగింది.

“ఏం మార్తా, కరెక్టేనా?”

మార్త బల్ల మీద తల పెట్టుకుని వెక్కివెక్కి ఏడుస్తోంది.

గంట కొట్టారు. ఎవరూ లేవలేదు.

విషయం ముక్కలు ముక్కలుగా వచ్చింది. ఫొటోలో ఉన్నది మార్త అమ్మమ్మ ఆదెమ్మ, తాత ఇశ్రాయేలు. తాత పోయాడు. అమ్మమ్మ గండ్రపాలెంలో ఈవలి గట్టు మీద, అంటే ఉత్తరపు గట్టు మీద ఉంటుంది, నాట్లకీ కోతలకీ పోయి బతుకుతుంది. సర్కారువారి ఇరవై సూత్రాల పథకం కింద ఆ గట్టు పోరంబోకులో ఇళ్ళస్థలాల పట్టాలిస్తున్నారు. పదేళ్ళకి మించి అక్కడ కాపురమున్నవాళ్ళకే. ఊరి కరణం వెంకటప్పయ్య జాబితాలోంచి ఆదెమ్మ పేరు కొట్టేశాడు. ఆమె ఆవలి గట్టు మీద ఆసామి చేలో ఉండేదనీ, ఈవలికొచ్చి రెండేళ్ళేననీ రాశాడు. ఆవలి గట్టు వేరే ఊరి లెక్కలోది. ఆమె పాక ఉన్నచోట తన పాలేరు పేరెక్కించాడు. సాక్ష్యం చెప్పేవాళ్ళు లేరా అంటే, అందరూ పట్టాలు రావలసినవాళ్ళే. కరణానికి ఎదురు చెప్పి ఎవరు చేతులు కాల్చుకుంటారు?

“ఈ ఫొటో చూపిస్తే కరణంగారు ఏమన్నారో తెలుసా టీచర్? ‘కాలవ కుడిపక్కుంది కదే, నీ ఫొటోనే చెబుతోంది నువ్వు ఆవలి గట్టుదానివని’ అన్నారంట. నాకు నమ్మకం చిక్కలేదు. మన క్లాసు ఎవరి మొహమూ చూడదు గదా, సరిగ్గా చెప్పుద్దని తెచ్చా.” మార్త పమిటతో కళ్ళు తుడుచుకుంది. “సోమవారం పొద్దున్నే డిప్యూటీ తాసీల్దారు గారొస్తున్నారు. ఆయన కూడా ఆవలి గట్టంటే పాక పీకేస్తారు.”

సయీదా నేర్పిన విద్యే వెళ్ళి ఆ ముసలమ్మ పాక మీద పడింది. బోర్డు మీద తన అక్షరాలే, వరసగా, ఒక్కటీ తప్పు లేకుండా.

“మీ అమ్మమ్మ ఏమంటోంది?”

“ఈ గట్టేనంటది. పెళ్ళైన కాణ్ణించీ ఈ గట్టేనంటది.”

“అయితే రేపు పోదాం పదండి” అంది సయీదా. “బోర్డు మీద కాదు, గట్టు మీద చూద్దాం.”

*

ఆదివారం తెల్లారి ఆరింటికి బందరు బస్సెక్కారు నలుగురూ: సయీదా, మార్త, సంపూర్ణ, మెహబూబ్ బీ. ఉయ్యూరు దాటాక దారంతా చెరుకుబళ్ళు. ఒక బండివెనక బస్సు నడక నడిచింది. కిటికీలోంచి సంపూర్ణ చెరుకుగడ ఒకటి లాగింది. సయీదా చూడనట్టు మొహం అటు తిప్పుకుంది. బస్సు దిగి గట్టు వెంట రెండు మైళ్ళు నడిచేసరికి ఎనిమిదిన్నరైంది.

ఆదెమ్మ ఎండిన మిరపకాయలాంటి మనిషి. ఎవరొచ్చినా కూలికి పిలవడానికే వచ్చారనుకునేట్టుంది, ముందు కొంగు నడుముకి దోపింది. టీచరని తెలిశాక తడబడి, చాప తెచ్చి దులిపి, దులిపిన చాపనే మళ్ళీ దులిపింది.

“మా పిల్ల చదువెట్టాగుందమ్మా?”

“మీ పిల్లకేమమ్మా. బంగారం.”

ముందు లాకు వంతెన మీదుగా ఆవలి గట్టుకి వెళ్ళారు. కరణం మాటని ముందు పరీక్షించాలంది సయీదా. మనకి నచ్చినదాన్ని ఆఖర్న చూడాలంది. ఆవలి గట్టు మీద పడమటికి తిరిగి నిలబడ్డారు. కాలవ కుడిపక్క. సరిపోయింది. లాకు కుడిపక్క. సరిపోయింది. సంపూర్ణ ఫొటో కళ్ళకెదురుగా పట్టుకుంది. మనుషుల మీద ఇంకా కాగితం కప్పే ఉంది.

“టీచర్, ఫొటోలో పాకవైపు, అంటే ఎడంపక్క, దూరంగా చర్చి శిలువుంది. ఇక్కడ ఎడంపక్కంతా చెరుకుతోటే.”

“చర్చి ఏదీ?”

“అదుగో, కాలవకి అటుపక్క. మన గట్టు మీదే.”

“చిమ్నీ?”

“ఫొటోలో చిమ్నీ కాలవ మీదుగా కనపడాలి. ఇక్కడ చెరుకుతోట మీదుగా కనపడుతోంది.”

సయీదా గుండె తేలికపడింది. “అంటే ఆవలి గట్టు కాదు! కరణంగారి మాట తప్పు. పదండి.”

పరుగులాంటి నడకతో ఈవలి గట్టుకొచ్చారు. ఆదెమ్మ పాక ముందు నిలబడి పడమటికి చూశారు. లాకుంది, పక్కనే పెంకుల కప్పు లాకు బంగళా ఉంది, దాని వెనక చర్చి ఉంది, కాలవమీదుగా చిమ్నీ పొగ కక్కుతోంది. అన్నీ ఉన్నాయి. అన్నీ తప్పుచేతి పక్కనున్నాయి. ఫొటోలో కాలవ కుడి, ఇక్కడ ఎడమ. ఫొటోలో చర్చి ఎడమ, ఇక్కడ కుడి.

“ఇంకో ఊరేమో టీచర్” అంది సంపూర్ణ నీరసంగా. “లాకు, చర్చి, చిమ్నీ ఉన్న ఇంకో ఊరు.”

మార్త పాక నిట్టాడకి ఆనుకుని కూచుంది. ఆదెమ్మ చెరుకుముక్కలు కొట్టి పళ్ళెంలో పెట్టి తెచ్చింది. ఎవరూ ముట్టుకోలేదు. సయీదా గట్టు మీద ఇటూ అటూ తిరిగింది. మ్యాపులో ఉన్నవి మూడు లాకులు. మిగతా రెండూ ఫ్యాక్టరీకి పడమటున్నాయి. ఇంకో ఊరు లేదు. ఇక్కడ కాకపోతే ఎక్కడా కాదు. మరి ఇక్కడా కాదాయె!

ఈ గొడవలో మెహబూబ్ బీ ఒక్కతే కూర్చుని, టీచరుకి వీపు చేసి, ఫొటో మీది కాగితం ఊడబీకుతోంది.

“ఏయ్! ఏమిటే అది?”

“ఒక్క నిమిషం టీచర్.” పట్టుబడ్డ మొహంతోనే ఆ పిల్ల భూతద్దం దించలేదు. “మార్తా, మీ తాతకి ఈ చొక్కా ఎవరు కుట్టారు?”

“నాకేం తెలుసు?”

“ఎవడో పని రానివాడు కుట్టాడు. జేబు కుడిపక్క పెట్టాడు. కాజాలు గుండీలూ కూడా తారుమారే. మగవాళ్ళ చొక్కాకి కాజాలు ఎడంపట్టీకి, గుండీలు కుడిపట్టీకి. ఇది ఆడవాళ్ళ జాకెట్టు లెక్క కుట్టాడు. మా అబ్బా చూస్తే కత్తెరిచ్చుకు కొడతాడు.”

సంపూర్ణ నవ్వింది. సయీదా నవ్వలేదు. గబగబా వచ్చి ఫొటో లాక్కుంది. నిన్నటినుంచీ కాగితం కింద దాగున్న మనుషుల్ని మొదటిసారి చూసింది. ఇశ్రాయేలు జేబు కుడిపక్క. ఆదెమ్మ పమిట కుడిభుజం మీద. వాళ్ళ కాళ్ళకింద నీడలున్నాయి. కాగితం వాటిని కూడా మింగేసింది. నీడలు వెనక్కి, ఎడమకి పడ్డాయి.

“సంపూర్ణా, ఇట్రా. పడమటికి తిరుగు. ఎడమ ఏ దిక్కు?”

“దక్షిణం.”

“నీడ వాళ్ళ వెనక్కీ, అంటే పడమటికీ, ఎడమకీ పడిందంటే నైరుతికి పడింది. సూర్యుడెక్కడున్నట్టు?”

“ఈశాన్యంలో... టీచర్, జనవరిలోనా? జనవరిలో సూర్యుడు పొద్దుటినుంచి సాయంత్రం దాకా దక్షిణంగానే కదా పోతాడు!”

“నీ నీడ చూసుకో.”

సంపూర్ణ నీడ ముందుకి, కుడివైపుకి, వాయవ్యానికి పడి ఉంది. నెల అదే, పొద్దూ దాదాపు అదే.

“అల్లా!” అంది సయీదా. తలకొట్టుకుంది, నిజంగానే, అరచేత్తో. “అద్దముందా అమ్మా, అద్దం?”

ఆదెమ్మ తాటాకు చూరులో దోపిన, నిలువునా పగులున్న అద్దం ఇచ్చింది. సయీదా ఫొటోని గుండెకానించి బయటివైపు తిప్పి పట్టుకుని, రెండోచేత్తో అద్దాన్ని ఎదురుగా చాచి అందులోకి చూసింది. అద్దంలో కాలవ ఎడమకొచ్చింది. చర్చి కుడికి పోయింది. జేబు గుండె మీదికొచ్చింది. అద్దం పక్కనుంచి తలెత్తి చూస్తే అదే కాలవ, అదే లాకు, అదే చర్చి, అదే చిమ్నీ.

“స్టూడియోవాడు నెగటివ్ తిరగేసి పెట్టి కడిగాడే! బొమ్మంతా కుడియెడమలైపోయింది. అందులో ఒక్క అక్షరం ముక్కైనా ఉంటే ఎవరో ఒకరు పట్టేవాళ్ళు. అక్షరం లేదు. పదకొండేళ్ళు గోడమీద తిరగబడే ఉంది.”

మార్త లేచి మెహబూబ్ బీని కావలించుకుంది. ఆ పిల్ల గింజుకుంటూనే “కాగితం తీసినందుకు తిడతారా టీచర్?” అంది.

“నిన్ను కాదే, నన్ను నేను తిట్టుకోవాలి. మనుషుల్ని చూడొద్దని చెప్పిన మొద్దుని నేను.” ఆవిడ ఆ కాగితం ముక్కని నలిపి పారేసింది. “వాళ్ళే చెబుతుంటే నోటికి కాగితం కట్టాను.”

అక్కడితో వదిలిపెట్టలేదు. గట్టు కుదిరింది సరే, చోటు? పాక ఇక్కడే ఉండేదనడానికి? అప్పటి తాటిచెట్లు ఇప్పుడు లేవు, పాక కప్పు నాలుగుసార్లు మార్చారు. కదలనివి చూసుకున్నారు. అద్దంలో చూస్తే, లాకు వంతెన మొదటి స్తంభం సరిగ్గా చిమ్నీని కప్పేస్తోంది. చర్చి శిలువ లాకు బంగళా కప్పు కొసని తాకుతోంది.

“చిమ్నీ రెండు మైళ్ళ దూరం. మనం పక్కకి అడుగేస్తే అది కదలదు. స్తంభం దగ్గర, అది జరుగుతుంది” అంది సయీదా. “చిమ్నీ స్తంభం వెనక దాక్కునే చోట్లన్నీ కలిపితే ఒక గీత. ఆ గీత మీద నడవండి, శిలువ బంగళా కొసకి తగిలినచోట ఆగండి. రెండు గీతలు కలిసేది ఒక్కచోటే. కెమెరావాడు నిలబడింది అక్కడే.”

సంపూర్ణ చిమ్నీని స్తంభం వెనక దాచుకుంటూ, పురికొస పట్టుకుని వెనక్కి నడిచింది. మెహబూబ్ బీ శిలువని చూస్తూ అరిచింది. ముందుకేస్తే శిలువ బంగళా కొసనుంచి బయటపడుతుంది, వెనక్కేస్తే దాక్కుంటుంది. “ఇంకో అడుగు... అయ్యో పోయింది... అర అడుగు ముందుకి... ఆఁ!” మార్త అక్కడ మేకు దిగ్గొట్టింది. ఆదెమ్మ పాక వాకిట్లో, గుమ్మానికి పదిహేనడుగుల దూరంలో ఉంది మేకు.

*

సోమవారం పొద్దున డిప్యూటీ తాసీల్దారు సంజీవరావు జీపు చావిడి ముందు ఆగేసరికి తొమ్మిదవుతోంది. కుర్చీ, కొబ్బరిబొండాం, రికార్డుకట్ట అన్నీ సిద్ధం. వెంకటప్పయ్య తెల్లటి ఖద్దరు చొక్కా తొడుక్కుని పెళ్ళివారిలా ఎదురెళ్ళాడు. సెలవుచీటీ పంపించి వచ్చిన సయీదా, ముగ్గురు పిల్లలతో, ఆదెమ్మని ముందు పెట్టుకుని నిలబడింది. ఊళ్ళోవాళ్ళు దూరదూరంగా చేరారు. ఏ పక్కా చేరినట్టు కాకుండా చేరడం వాళ్ళకి వెన్నతో పెట్టిన విద్య.

సంజీవరావు ఫొటో చూశాడు. వెనక ముద్ర, తేదీ చూశాడు. “తేదీ సరే. చోటు సంగతి కరణంగారు రాశారు కదమ్మా. కాలవ కుడిపక్క స్పష్టంగా ఉంది.”

“ఫొటో తిరగబడి అచ్చయిందండీ. ఇశ్రాయేలు జేబు చూడండి, ఆదెమ్మ పమిట చూడండి.”

వెంకటప్పయ్య నవ్వాడు. “అమ్మా, బెజవాడలో ఉండేవాళ్ళు మీకేం తెలుసు. మా వైపు కుడిపమిట వేసుకునే ఆడవాళ్ళు బోలెడుమంది.”

“ఉన్నారండి, కాదనను. మరి కుడి జేబు?”

“ఏదో పల్లెటూరి టైలరు...”

“కరణంగారూ, మీ జేబు ఏ పక్కనుందండీ?” అంది మెహబూబ్ బీ.

వెంకటప్పయ్య చెయ్యి అసంకల్పితంగా ఎడం రొమ్ము మీదికి పోయింది. సంజీవరావు తన జేబుకేసి చూసుకున్నాడు. జీపు డ్రైవరు కూడా చూసుకున్నాడు. జనంలో ఎవరో కిసుక్కుమన్నారు.

“ఆడపిల్లవి, పెద్దవాళ్ళ మాటల్లో...” కరణం మొహం కందగడ్డైంది. “అద్దంలో చూపిస్తే నందిని పంది చెయ్యొచ్చు సార్. వీళ్ళు చేసుకొచ్చిన లెక్క మనం నమ్మాలా?”

“నమ్మొద్దండి” అంది సయీదా. “మా లెక్క మీకు చెప్పను. మీరే పెట్టుకోండి. పాక ఎక్కడుందో మీకు తెలియదు, మేమెవరం వెంట రాం. అద్దం తీసుకుని గట్టు వెంట నడవండి. వంతెన మొదటి స్తంభం చిమ్నీని కప్పాలి, శిలువ బంగళా కొసని తాకాలి. రెండూ కుదిరినచోట ఆగండి. ఎక్కడ ఆగితే అక్కడ.”

సంజీవరావు ఒక్క క్షణం ఆవిడకేసి చూశాడు. రోజూ సంతకాలు పెట్టి పెట్టి విసిగిన మనిషికి ఇదేదో బాగున్నట్టుంది. అద్దం తీసుకున్నాడు.

ఆ గట్టు మీద పాతిక పాకలున్నాయి. ఒక ఆఫీసరు ఫొటోని గుండెకానించుకుని, చేతిలో పగిలిన అద్దం పట్టుకుని, పెళ్ళికూతురిలా మొహం చూసుకుంటూ నడుస్తుంటే ఊరు ఊరంతా నోరు తెరిచి చూసింది. మొదటి పాక దగ్గర ఆగాడు, తల అడ్డంగా ఊపాడు. కాస్త ఎడమకి జరిగాడు. మళ్ళీ నడిచాడు. మార్త సయీదా చెయ్యి గట్టిగా పట్టుకుంది. పొద్దున్నే మేకుని భూమట్టానికి దిగ్గొట్టించి, మీద ఊక చల్లించింది సయీదా, అది కనపడదు. కనపడకూడదనే చేయించింది, ఇప్పుడు కనపడితే బాగుండుననుకుంటోంది.

పదమూడో పాక. పద్నాలుగు. సంజీవరావు ఆగాడు. అద్దం చూశాడు, తలెత్తాడు, అద్దం చూశాడు. ఒకడుగు వెనక్కి. అర అడుగు ముందుకి. అక్కడే నిలబడిపోయాడు.

“ఇక్కడ!” అని కేకేశాడు. గొంతులో అధికారం లేదు, సంపూర్ణ గొంతులో ఉన్న సంబరమే ఉంది. “స్తంభం, చిమ్నీ, శిలువ, అన్నీ ఇక్కడే! ఇదెవరి పాక?”

జనం ముందుకి తోసుకొచ్చారు. ఇంతసేపూ గొంతు పెగలని ఊరు ఒక్కసారి అరిచింది, “ఆదెమ్మదండీ!” అని. మార్త పరుగెత్తి ఊక తుడిచేసింది. ఆఫీసరు బూటుకి జానెడు దూరంలో మేకు తలుంది.

సంజీవరావు రుమాలుతో మొహం తుడుచుకుని, జీపు బానెట్టు మీద రికార్డు పరిపించాడు. పాలేరు పేరు మీద అడ్డగీత కొట్టాడు. రాస్తూ పైకి చదివాడు: “ఆదెమ్మ, భర్త కీర్తిశేషులు ఇశ్రాయేలు. పందొమ్మిదివందల అరవై అయిదుకి ముందు నుంచీ ఇదే స్థలంలో కాపురం. స్వయంగా పరిశీలించాను.” సంతకం పెట్టి ఆమె వేలిముద్ర వేయించాడు. కరణంకేసి తలెత్తకుండానే, “మిగతా జాబితా కూడా నేనే చూస్తానండీ, పేరు పేరునా” అన్నాడు.

ఊరంతా గోలగోలగా ఉంది. మెహబూబ్ బీని ఎవరో ఎత్తుకున్నారు. ఆదెమ్మ మాత్రం సిరా అంటిన బొటనవేలు చీరకి తగలకుండా దూరంగా పట్టుకుని, ఆఫీసరు చేతిలో ఉన్న అద్దంలోకి తొంగిచూస్తోంది.

“ఇప్పుడు సరిగ్గున్నాడు” అంది.

“ఎవరమ్మా?” అంది సయీదా.

“మా ఆయనేనమ్మా. ఆ రోజు నా కుడిపక్కన నిలబడ్డాడు. నాకు బాగా గుర్తు, ఈ చెయ్యే పట్టుకున్నాడు, ఫొటో అతను వదిలెయ్యమంటే వదల్లా. ఫొటో వచ్చినాక చూస్తే ఎడంపక్కనున్నాడు. ఇదేందబ్బా, ఇటుపక్క మనిషి అటుపక్కకెట్టా పోయాడని అప్పుడే అనుకున్నా.”

“నీకు ముందే తెలుసా? అయితే మరి చెప్పలేదేమమ్మా? కరణంగారికి, నాకు, ఎవరికైనా?”

“ఎవరడిగారమ్మా?” అంది ఆదెమ్మ, తప్పు పట్టినట్టు కూడా కాదు. “ఫొటోని అడిగారు గానీ నన్నెవరడిగారు?”

సయీదా ఆ సిరా చేతిని రెండు చేతులతో పట్టుకుంది. సిరా ఆవిడ వేళ్ళకీ అంటింది.

ఆదెమ్మ చెయ్యి విడిపించుకుంది. వాకిట్లోకి చూసింది. ఇంతమంది తొక్కి పొద్దున్న చల్లిన పేడనీళ్ళ కళ్ళాపంతా పాడుచేశారు. నడుమ వెంకటప్పయ్య ఇంకా నిలబడే ఉన్నాడు, చంకలో కట్టతో, ఎటు పోవాలో తోచనట్టు. ఆమె చూరులోంచి చీపురు లాగి, కొంగు నడుముకి దోపింది.

“కరణంగారూ,” అంది, “కాస్త అవతలకి నిలబడండి. అది మా వాకిలి.”

వెంకటప్పయ్య జరిగాడు. ఆదెమ్మ వంగి ఊడవడం మొదలుపెట్టింది.